గుండె మూడో శబ్దమా, రెండో శబ్దం చీలడమా?

నమస్కారం. నేను నర్సింగ్ చివరి సంవత్సరం విద్యార్థినిని. పడుకుంటే ఆయాసపడే 62 ఏళ్ల రోగిని ముందు గమనించి, చేత్తో తాకి, వేళ్లతో తట్టి చూశాకే స్టెతస్కోపు పెట్టాను. రెండు ఊపిరితిత్తుల అడుగుభాగాల్లో, శ్వాస పీల్చే చివరి దశలో సన్నని చిటపటలు వినిపించాయి. దగ్గించినా పోకపోవడంతో అది కఫం కాదని, గుండె బలహీనపడి నీరు చేరి ఉంటుందని అనుమానించి డ్యూటీ డాక్టరుకు చెప్పాను.

ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, గుండె కొన దగ్గర బెల్‌ను తేలికగా ఆనిస్తే లబ్, డబ్ తర్వాత మందమైన మరో శబ్దం వినిపించింది. గట్టిగా నొక్కితే మాయమైంది. రెండో శబ్దం చీలితే అది ఎడమ రెండో పక్కటెముకల సందులో డయాఫ్రమ్‌తో స్పష్టంగా వినిపించి, శ్వాస పీల్చినప్పుడు ఎడం పెరగాలి కదా; ఇక్కడ అలా లేదు. ఇది మూడో శబ్దమేననుకోవడం సరైనదేనా? నాడి నిమిషానికి 110 ఉన్నప్పుడు దీన్ని నాలుగో శబ్దం నుంచి ఎలా వేరుచేస్తారో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరా?