పిల్లి ఫోటోకి బర్త్‌డే టోపీ పెడితే స్టిక్కర్ అంటించినట్టే ఉంటోంది, దయచేసి సాయం చేయండి

చిట్టి వాళ్ల అమ్మ (రాత్రి 9:40)
రేపు మా చిట్టికి ఐదేళ్లు నిండుతాయి. మా పాప దాని ఫోటోకి బర్త్‌డే టోపీ పెట్టి కార్డు చేయమంది. సాయంత్రం ఐదున్నరకి కూర్చున్నాను, ఇప్పటికీ అవలేదు. టోపీ ఎక్కడ పెట్టినా పైన అంటించినట్టే కనిపిస్తోంది. తల వంపుకి టోపీ సరిపోవట్లేదు, కింది అంచు దగ్గర బొచ్చు ఒక్కసారిగా కత్తిరించినట్టు ఆగిపోతోంది. ఎరేజర్‌తో చెరిపితే టోపీ పాడవుతోంది. ఇప్పటికి నాలుగుసార్లు మొదటినుంచి చేశాను. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

రవి_కె (9:46)
ఏ సాఫ్ట్‌వేర్? ఫోటో ఏది?

విశ్రాంత పశువైద్యుడు (9:52)
అమ్మా, పిల్లికి రబ్బరు తాడుతో టోపీ కట్టకండి. గడ్డం కింద తాడు బిగిస్తే వెనక కాలితో లాక్కుంటుంది, ఆ గోరు తాడులోనే చిక్కుకుంటుంది. చెవులు వెనక్కి అణిచిపెట్టి, తోక విసురుతుంటే దానికి ఇష్టం లేదని అర్థం. తప్పదనుకుంటే తాడు లేకుండా తలమీద ఊరికే ఆనించి, రెండు సెకన్లలో ఫోటో తీసి, వెంటనే తీసేయండి.

చిట్టి వాళ్ల అమ్మ (9:55)
డాక్టరు గారూ, నిజం టోపీ కాదండీ. ఫోటోలో పెడుతున్నాను. సాఫ్ట్‌వేర్ జింప్, లాప్‌టాప్‌లో.

సాయి డిజైన్స్ (10:01)
వంపు సమస్య అయితే ఈజీ. Filters > Distorts > Curve Bend తీసుకుని టోపీ కింది అంచుని వంచండి. బొచ్చు దగ్గర ఎరేజర్ మెత్తటి బ్రష్‌తో ఒకసారి తిప్పండి, లేదా సెలక్షన్‌కి Feather 10 ఇవ్వండి. కలిసిపోతుంది.

చిట్టి వాళ్ల అమ్మ (10:14)
Feather చేశాను అన్నా. టోపీ చుట్టూ మంచు పట్టినట్టు అయింది. Curve Bend చేస్తే అంచు వంగింది కానీ టోపీ మాత్రం నిటారుగానే ఉంది, చిట్టి తల పక్కకి ఉంది.

రవి_కె (10:15)
మీరు చెప్పేది వాలు. ఆయనకి అర్థమైంది అంచు వంపు.

సాయి డిజైన్స్ (10:18)
తల వంపు అని రాశారు కదా, మామూలుగా వంపు అంటే కర్వ్ అనే అనుకుంటాం. అయినా రెండూ కావాలి.

గోదారి గట్టు (10:31)
ఫోటో పెట్టండమ్మా, చూడకుండా చెప్పలేం. నేను పన్నెండేళ్లు ఫ్లెక్సీ షాపులో పనిచేశాను, పెళ్లి ఫోటోల్లో పెళ్లికొడుక్కి తలపాగా పెట్టమని వారానికి ఇద్దరైనా వచ్చేవారు. చిక్కు అదే. తలపాగాకి జుట్టు ఎలాగో, టోపీకి బొచ్చు అలాగ.

చిట్టి వాళ్ల అమ్మ (10:38)
పెట్టాను. నారింజ చారల పిల్లి, వెనక మా హాలు గోడ. పాప నిలబడి పైనుంచి తీసింది. చిట్టి కింద ఉన్న బిస్కట్ చూస్తోంది. టోపీ బొమ్మ అడ్డ చారలది, నెట్‌లో దొరికింది.

గోదారి గట్టు (11:05)
ఇప్పుడు తెలిసింది. మొదట్లో చెప్పని రెండు విషయాల్లోనే అసలు చిక్కు ఉంది. మీ ఫోటో పైనుంచి తీసింది, తల పక్కకి వాలి ఉంది. ఆ టోపీ బొమ్మేమో కళ్ల ఎత్తులో ఎదురుగా తీసింది, అందుకే దాని కింది అంచు స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. ఇది సరిచేయకుండా బొచ్చు మీద ఎంత పని చేసినా అతకదు.

ముందు వాలు. మౌస్‌ని చిట్టి రెండు కళ్ల నల్లగుడ్ల మధ్యలో పెట్టి చూస్తే కింద మూలన అంకెలు కనిపిస్తాయి. నేను మీ ఫోటోలో చూశాను: ఎడమవైపు కన్ను 1180, 1630 దగ్గర, కుడివైపు కన్ను 1620, 1740 దగ్గర ఉన్నాయి. అంటే అడ్డంగా 440 పోతే కిందికి 110 దిగింది, సరిగ్గా నాలుగో వంతు. అది 14 డిగ్రీల వాలు. లెక్క వద్దనుకుంటే Measure టూల్‌తో కన్ను నుంచి కంటికి గీత లాగండి, అదే చెప్తుంది. కుడి కన్ను కిందికి ఉంది కాబట్టి టోపీని గడియారం ముల్లు తిరిగే దిక్కుకి 14 తిప్పాలి. టోపీ మొన ఆ కళ్ల గీతకి నిలువుగా రావాలి, ఫోటో అంచుకి కాదు.

తర్వాత పైనుంచి చూసే చూపు. తలపై భాగం బాగా కనిపిస్తోంది కాబట్టి కెమెరా ఓ 30 డిగ్రీలు పైన ఉందని నా అంచనా. అలాంటప్పుడు టోపీ గుండ్రటి అడుగు మనకి కోడిగుడ్డులా కనిపిస్తుంది, ఎత్తు వెడల్పులో సగం. మీ టోపీ అడుగు 400 పిక్సెళ్ల వెడల్పు ఉంటే, ముందు అంచు మధ్యలో చివరలకంటే 100 కిందికి జారాలి, నవ్వుతున్న నోరులాగా. టోపీ ఎత్తు కూడా ఉన్నదానిలో 87 శాతానికి తగ్గించండి, పైనుంచి చూస్తే పొట్టిగా కనిపిస్తుంది కదా. సాయి గారు చెప్పిన Curve Bend ఇక్కడ పనికొస్తుంది. టోపీ సాదాది అయితే కింది రెండు మూలలు గుండ్రంగా కోసేస్తే చాలేది, మీది అడ్డ చారలది కాబట్టి చారలు కూడా వంగాలి.

ముందు ఎత్తు తగ్గించండి, తర్వాత వంచండి, ఆఖర్న తిప్పండి. మళ్లీ మళ్లీ తిప్పితే ప్రతిసారీ బొమ్మ కాస్త మసకబారుతుంది. తప్పొస్తే తిప్పినదాన్నే ఇంకా తిప్పకుండా Ctrl+Z కొట్టి మళ్లీ చేయండి.

బొచ్చు సంగతి రేపు పొద్దున చెప్తాను, ఇది ముందు చేయండి.

చిట్టి వాళ్ల అమ్మ (11:50)
వచ్చింది!! ఇప్పుడు తలమీద ఉన్నట్టుంది. కానీ రెండు చెవుల మధ్య పెట్టమంటారా, నుదుటి మీదా?

టామీ నాన్న (11:58)
మా పొమెరేనియన్‌కి నేను ఇలాగే చేశాను. టోపీ అడుగంతా బొచ్చులో ముంచేశాను, అంచు అసలు కనిపించదు. బొచ్చు ఫోటోలోంచే ఒక ముక్క కాపీ చేసి టోపీ మీద అతికించండి. పది నిమిషాల పని.

విశ్రాంత పశువైద్యుడు (ఉదయం 6:10)
ఫోటోలోనే అని ఆలస్యంగా చూశాను. అయినా ఒక మాట. ఈ ఫోటోలో చిట్టి చెవులు ముందుకే ఉన్నాయి, అందుకే ముఖం హాయిగా ఉంది. టోపీ పట్టడానికి చెవుల్ని పక్కలకి జరపకండి. చెవులు పక్కకి వాలితే పిల్లి భయపడినట్టో, చిరాకు పడినట్టో కనిపిస్తుంది. టోపీనే చిన్నది చేసుకోండి.

గోదారి గట్టు (7:20)
డాక్టరు గారి మాట ఫోటోకి కూడా సరిపోతుంది. టోపీ అడుగు రెండు చెవుల లోపలి మొదళ్ల మధ్య పట్టాలి.

ఎక్కడ పెట్టాలంటే, ముందు అంచు నుదుటి బొచ్చు మీదికి దిగాలి. చెవుల మధ్య తల గీత ఉంది కదా, దానికంటే కొంచెం కిందికి. దీనికి కారణం ఉంది. టోపీ పొరకి మాస్క్ వేసి అంచుని సన్నగా చెరిపితే, కింద ఉన్న చిట్టి అసలు బొచ్చే బయటికొస్తుంది, కొత్తగా గీయక్కర్లేదు. అంచు తల గీత మీదే ఉంటే చెరిపిన చోట బొచ్చు రాదు, హాలు గోడ కనిపిస్తుంది. చాలామంది చిక్కుకునేది ఇక్కడే.

టోపీ లేయర్ మీద రైట్ క్లిక్ చేసి Add Layer Mask, అందులో White (full opacity). మాస్క్ మీద క్లిక్ చేసి, నలుపు రంగు, Paintbrush, సైజు 3. 200 శాతం జూమ్‌లో బొచ్చులోంచి మొదలుపెట్టి టోపీ మీదికి విసిరినట్టు గీయండి, అది పెరిగే దిక్కులోనే. నుదుటి మధ్యలో నిటారుగా, చెవుల వైపుకి పోయేకొద్దీ పక్కలకి. కొన్ని 20 పిక్సెళ్లు, కొన్ని 50, అక్కడక్కడా ఖాళీ. అన్నీ ఒకే పొడవైతే దువ్వెన పళ్లలా ఉంటాయి. ఎక్కువ పోతే తెలుపు రంగుతో గీస్తే టోపీ తిరిగొస్తుంది. X నొక్కితే నలుపు తెలుపు మారతాయి.

టామీ నాన్న గారిది పొడుగు బొచ్చు కాబట్టి ముంచేస్తే సరిపోయింది. చిట్టిది పొట్టి బొచ్చు, అంచు కనిపించాలి. అక్కడక్కడా వెంట్రుకలు దాటితే చాలు.

సాయి డిజైన్స్ (7:41)
ఎరేజర్ కూడా అదే పని చేస్తుంది కదా, సైజు 3 పెడితే.

గోదారి గట్టు (7:48)
గీత అదే పడుతుంది. కానీ ఎరేజర్‌తో పోయిన టోపీ ముక్కని రేపు ఫైల్ తెరిచి తిరిగి తెచ్చుకోవడం మాస్క్‌తో ఉన్నంత తేలిక కాదు. ఆవిడ నాలుగుసార్లు మొదటినుంచి చేసింది అందుకేగా.

సాయి డిజైన్స్ (7:50)
మధ్యమధ్యలో వేరే ఫైల్‌గా సేవ్ చేసుకుంటూ పోతే ఆ సమస్య రాదు. నేను పదేళ్లుగా ఎరేజరే.

చిట్టి వాళ్ల అమ్మ (10:25)
గీశాను. బాగుంది కానీ బయటికొచ్చిన వెంట్రుకలు నల్లగా, మురికిగా ఉన్నాయి. చిట్టి నారింజ కదా.

రవి_కె (10:29)
టోపీ కింద నీడ పొర వేశారా?

చిట్టి వాళ్ల అమ్మ (10:33)
అవును, నిన్ననే వేశాను. వీడియోలో చెప్పారు. నలుపు, Multiply.

రవి_కె (10:35)
అదే కనిపిస్తోంది.

గోదారి గట్టు (10:52)
రవి గారు పట్టుకున్నారు. నీడ పొర టోపీకీ చిట్టికీ మధ్యలో ఉంది, మీరు చెరిపిన చోట ఆ నీడతో సహా బొచ్చు వస్తోంది. నీడ అంచుకి కిందనే, నుదుటి మీద ఉండాలి. టోపీ లోపలికి పోయిన భాగం చెరిపేయండి, వెంట్రుకలు నారింజకి వస్తాయి. నలుపు బదులు చిట్టి చారల్లో ముదురు గోధుమ రంగు ఉంది కదా, అది Color Picker తో తీసుకుని, Opacity 40 దగ్గర పెట్టి చూడండి.

ఇంకొకటి, కళ్లపైన రెండు పొడుగు తెల్ల మీసాలు ఉన్నాయి చూడండి. అవి టోపీకి ముందు ఉండాలి, ఇప్పుడు వెనక్కి పోయి తెగిపోయాయి. టోపీ Opacity 50 చేస్తే కింద అవి కనిపిస్తాయి. వాటి మీదే సరిగ్గా మాస్క్‌లో సైజు 3 తో గీసి, మళ్లీ 100 చేయండి. పక్కకి ఒక్క పిక్సెల్ పోయినా గోడ రంగు వస్తుంది, నిదానంగా చేయండి. స్టిక్కర్‌లా ఉండటం పోయేది ఎక్కువగా ఆ రెండు మీసాలతోనే.

టామీ నాన్న (11:15)
ఈ మీసాల సంగతి నాకు తట్టలేదు. మా టామీ ఫోటో మళ్లీ తీసి చూడాలి.

సాయి డిజైన్స్ (11:20)
టోపీ ఫోటోకంటే షార్ప్‌గా ఉంది, Gaussian Blur 1 ఇవ్వండి.

గోదారి గట్టు (11:26)
నాకైతే అక్కర్లేదనిపిస్తోంది, తిప్పినప్పుడే కొంచెం మెత్తబడింది. ప్రింట్ తీస్తే అసలు తెలీదు.

సాయి డిజైన్స్ (11:28)
ఫోన్‌లో చూస్తే తెలుస్తుంది. చెవి అంచుతో పోల్చి చూడండి.

చిట్టి వాళ్ల అమ్మ (సాయంత్రం 4:05)
మీసాలు ఒకటి వచ్చింది, రెండోది సగమే. పాప చూసి టోపీ నిజంగా పెట్టావా అనడిగింది. అందరికీ థాంక్స్, ప్రింట్‌కి పంపుతున్నాను. గడ్డం కింద తాడు గీయాలా వద్దా?

విశ్రాంత పశువైద్యుడు (4:30)
వద్దమ్మా. ఫోటోలో కూడా వద్దు, చూసినవాళ్లు నిజంగా కడతారు.