టిఫిన్ సెంటర్‌లో ఐదుగురికి ప్రోత్సాహకం ఎలా పంచాలి? సలహా కావాలి

దోశ మాస్టర్, ఇద్దరు హెల్పర్లు, కౌంటర్‌లో ఒకరు, గిన్నెలు కడిగే అక్క. ఎదురుగా కొత్త హోటల్ వాళ్లు మాస్టర్‌కి నెలకు 3,000 ఎక్కువిస్తామంటున్నారు. జీతం అంత పెంచే స్తోమత లేదు, మనిషిని వదులుకోవడమూ ఇష్టం లేదు.

నెలంతా సెలవు పెట్టకపోతే 1,000 అనే పద్ధతి పనిచేయలేదు. ఐదో తారీఖున జ్వరమొచ్చి ఒక్కరోజు మానితే ఆ డబ్బు పోయినట్టే, ఇక మిగతా నెల సమయానికి రావడానికి కారణమేముంటుంది? అందుకే వారానికి 250గా విడగొట్టాం. వారంవారం లెక్క కొత్తగా మొదలవుతుంది. వారపు సెలవు వంతుల పట్టిక గోడకు అంటించాం, దాన్ని యజమాని కూడా మార్చకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. నెల అమ్మకం 3 లక్షలు దాటితే, దాటినదాంట్లో 5 శాతం అందరికీ పంచాలని ఆలోచన. 3,60,000 వస్తే 3,000. మాస్టర్‌కి 3 వాటాలు, కౌంటర్‌కి 1, మిగతా ముగ్గురికి తలా 2. మొత్తం 10, వాటాకి 300.

కానీ అమ్మకమే కొలత అయితే పిండి ఎక్కువ రుబ్బేస్తారు, రాత్రికి పులిసి పారబోయాల్సి వస్తుంది. పారబోసిన పిండి ఖర్చు ఈ 3,000లోంచి తీసేయడం న్యాయమేనా? ఎంత రుబ్బాలో చెప్పేది మాస్టరే, మరి గిన్నెల అక్క వాటా ఎందుకు తగ్గాలి? మీ దగ్గర దీన్నెలా లెక్కగడుతున్నారో చెప్పండి.