మోటార్ కంట్రోల్ డిప్లొమా కోర్సు: అభ్యసన ఫలితాలకీ మార్కులకీ పొంతన కుదరడం లేదు

కొత్త లెక్చరర్: వచ్చే సెమిస్టర్‌కి ఈ కోర్సు సిలబస్ నేనే రాయాలి. 15 వారాలు, వారానికి 2 గంటల థియరీ, 3 గంటల ల్యాబ్. యూనిట్‌కి రెండు చొప్పున 10 అభ్యసన ఫలితాలు రాశాను. అన్నీ దాదాపు "స్టార్టర్లలో లోపాల గురించి అవగాహన పొందుతారు" లాంటివే. రాత పరీక్ష 60, ల్యాబ్ రికార్డు 20, ప్రాక్టికల్ 20 అనుకున్నాను. లోపాలు కనిపెట్టడం 15వ వారంలో ఉంది. చూసి చెప్పండి.

వెన్నెల: "అవగాహన" తీసేయండి. బ్లూమ్ పట్టికలోంచి "విశ్లేషిస్తారు", "రూపొందిస్తారు" లాంటి క్రియలు పెట్టండి, సరిపోతుంది. మార్కులు అన్ని ఫలితాలకీ సమానంగా పంచేయండి.

ల్యాబ్ సీనియర్: వెన్నెల గారూ, "అవగాహన" తీసేయాలన్నది సరైనదే. కానీ క్రియ మారిస్తే పని అయిపోదు. "లోపాలను విశ్లేషిస్తారు" అని రాసినా పరీక్షలో ఏం ఇవ్వాలో, ఎంత చేస్తే చాలో తెలియదు. ఏం ఇస్తాం, ఏం చేయాలి, ఎంత బాగా చేయాలి, ఈ మూడూ వాక్యంలో ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను: "సర్క్యూట్ డ్రాయింగ్, మల్టీమీటర్ ఇచ్చినప్పుడు, డీఓఎల్ స్టార్టర్ కంట్రోల్ సర్క్యూట్‌లో ఉన్న ఒక లోపాన్ని 20 నిమిషాల్లో కనిపెట్టి, సురక్షితంగా సరిచేస్తారు." ఇలాంటివి నాలుగైదు చాలు. పదింటినీ విడివిడిగా పరీక్షించే టైమ్ ఏ కోర్సులోనూ దొరకదు.

ఇక మార్కులు. మీ లెక్కలో రాత పరీక్షలో 40, రికార్డులో 18 తెచ్చుకున్నవాడు స్టార్టర్ ముట్టుకోకుండానే పాసవుతాడు. రికార్డు పక్కవాడిది చూసి కూడా రాయొచ్చు. చేతిపని ఫలితానికి చేతిపని పరీక్షే కావాలి. నేను రాత 40, వారం వారం ల్యాబ్‌లో ఎదురుగా చూసి వేసేవి 15, వైరింగ్ టెస్ట్ 20, లోపం టెస్ట్ 25 పెడతాను.

టైలరింగ్ టీచర్: మాది దుస్తుల డిజైన్ డిప్లొమా. చివరి వారం ప్రాజెక్టుకే 50 మార్కులు ఉండేవి. కాలర్ తప్పుగా కుట్టారని అప్పుడే తెలిసేది, సరిదిద్దుకోవడానికి వారాలే మిగిలేవి కావు. మీరు ప్రశ్నపత్రం నమూనా కోసమే అడుగుతున్నారా? అయితే నా దగ్గర ఉంది.

కొత్త లెక్చరర్: ప్రశ్నపత్రం కాదండీ, సిలబస్. కానీ మీరన్నది నాకూ వర్తిస్తుంది, నా లోపాల వారం కూడా చివర్లోనే ఉంది. ఎక్కడ పెట్టాలి?

ల్యాబ్ సీనియర్: దానికి ఒక్క వారం కేటాయించకండి. 5వ వారం నుంచి ప్రతి ల్యాబ్ చివరి అరగంటలో ఒక లోపం పెట్టండి. మొదట తేలికది: స్టార్ట్ నొక్కితే మోటార్ తిరుగుతుంది, వేలు తీయగానే ఆగిపోతుంది. స్టార్ట్ బటన్‌కి సమాంతరంగా ఉండాల్సిన కాంటాక్టర్ సహాయక కాంటాక్ట్ వైరు తీసేసి ఉంచితే ఇలా జరుగుతుంది. తర్వాత ఓవర్‌లోడ్ రిలే ట్రిప్పయి ఉండటం, ఆ తర్వాత తెగిన కాయిల్.

టెస్ట్ వారాలు ముందే లెక్కవేయండి. 30 మంది, ఒక్కొక్కరికి 20 నిమిషాలు అంటే 600 నిమిషాలు. సెటప్‌లు ఆరున్నా ఒక ఎగ్జామినర్ ఒకేసారి ఇద్దరినే సరిగ్గా గమనించగలడు. కాబట్టి 5 గంటలు, అంటే రెండు ల్యాబ్‌లు. 13, 14 వారాలు దీనికే పోతాయి. సిలబస్‌లో ఇది రాయకపోతే ఆఖర్లో టెస్ట్ ఒక్కొక్కరికి 5 నిమిషాలకు కుదించుకుపోతుంది, అప్పుడు మార్కులు అంచనాగా వేయాల్సి వస్తుంది.

25 మార్కుల్లో 5 సరఫరా ఆపి, లేదని మీటరుతో చూసుకున్నందుకు. 10 డ్రాయింగ్ ప్రకారం వరుసగా వెతికినందుకు. 5 సరిచేసినందుకు, 5 ఏం దొరికిందో రాసినందుకు. ఎక్కువ మార్కులు వెతికే పద్ధతికే ఉండాలి. లేకపోతే భాగాలు ఒక్కొక్కటే మార్చి చూసి అదృష్టంతో దొరకబుచ్చుకున్నవాడికీ అవే మార్కులు వస్తాయి.

వెన్నెల: సమానంగా పంచమన్నది ఈ కోర్సుకి కుదరదు, ఒప్పుకుంటాను. అయినా ఒక అనుమానం. రాతలో 40కి 38, ల్యాబ్‌లో 12 తెచ్చుకుంటే 50, ఇప్పటికీ పాసే కదా?

ల్యాబ్ సీనియర్: అందుకే రెండు టెస్ట్‌లలో విడిగా కనీసం 40 శాతం రావాలని సిలబస్‌లోనే రాస్తాను. మొదటి వారమే విద్యార్థులకు చెప్పాలి.

రమ్య: ఆ నిబంధన నాకు కష్టంగా అనిపిస్తోంది. టెస్ట్ రోజు చేతులు వణికే పిల్లలుంటారు. ఇంకోసారి అవకాశం కూడా రాసి ఉంచాలి.

ల్యాబ్ సీనియర్: రాయాల్సిందే. 15వ వారం దానికే ఖాళీగా ఉంచండి.

కొత్త లెక్చరర్: 13వ వారం రాసినవాళ్లు 14వ వారం వాళ్లకి ఏ లోపం పెట్టారో చెప్పేస్తే?

ల్యాబ్ సీనియర్: నాలుగు లోపాలు సిద్ధం చేసుకుని చీటీ తీయిస్తాను. కానీ నాలుగూ ఒకే కష్టంగా ఉన్నాయని రుజువు చేయడం నాకింకా కుదరలేదు. తెగిన కాయిల్ అందరికీ ఎక్కువసేపు పడుతోంది. ఎవరైనా దీనికి మంచి దారి కనుక్కుంటే ఇక్కడ రాయండి.