అప్‌డేట్: క్లిప్పుల్లో క్యాప్షన్లు మాటకంటే ముందే రావడం, పరిష్కారం దొరికింది

నా ప్రశ్న: అనంతపురం దగ్గర ఒక రైతు తాతతో తీసిన గంటా యాభై నిమిషాల ఇంటర్వ్యూలోంచి మంచి మాటలు క్లిప్పులుగా కోస్తున్నా. పూర్తి వీడియోలో క్యాప్షన్లు సరిగ్గానే ఉన్నాయి, క్లిప్పుల్లో మాత్రం మాటకంటే ముందే వస్తున్నాయి. ఎందుకు?

సాయం చేసిన అందరికీ థాంక్స్. తప్పు ffmpegలో `-c copy`తో, అంటే మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా, కోయడంలోనే ఉంది. అలా కోస్తే క్లిప్ మనం చెప్పిన క్షణంలో కాకుండా దానికి ముందున్న కీఫ్రేమ్ దగ్గర మొదలవుతుంది, మాది ముందే కంప్రెస్ చేసిన ఫైల్ కాబట్టి కీఫ్రేములు దూరదూరంగా ఉండి, ఒక క్లిప్ మొదట్లో ఒక సెకను, ఇంకోదాని మొదట్లో నాలుగు సెకన్లు ఎక్కువ వచ్చాయి, అందుకే క్యాప్షన్లు మాటకంటే ముందే కనిపించాయి. ఇలా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే సరిపోయింది:

```
ffmpeg -ss 00:41:12.4 -i interview.mp4 -t 38 -c:v libx264 -crf 18 -c:a aac clip1.mp4
```

ఫ్రేమ్ రేట్ తేడా వల్లేమో అని కూడా అనుమానం వచ్చింది, కానీ అది మాకు సంబంధం లేనిది. అదే కారణమైతే తేడా క్లిప్ సాగేకొద్దీ పెరగాలి, మాకు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంది.

క్లిప్‌ను ఇంకాస్త ముందునుంచి మొదలుపెట్టమని ఒకరు చెప్పిన మాట కూడా చాలా పనికొచ్చింది. తాత మాట "అది యేసినంక వాన రాలే" అని మొదలయ్యేది, ఏది వేశాడో చూసేవాళ్లకు తెలియదు. క్లిప్ మొదలును ఆరు సెకన్లు వెనక్కి జరిపితే "చెనిక్కాయ" అన్న మాట కూడా వచ్చింది. క్యాప్షన్‌లో ఆయన యాస మార్చలేదు, వినిపించింది ఒకటి, కనిపించేది ఒకటి అయితే నాకే బాగనిపించలేదు.