ఫోటో పోయింది, జవాబు మిగిలింది: ఇది ఏ పద్యపాదం?

రాజాం నుంచి ఒక తల్లి: నమస్కారం మాస్టారు. మా బాబు పదో తరగతి, తెలుగు మీడియం. నిరుడు వాళ్ల అక్క కోసం ఇక్కడే పాఠ్యపుస్తకం పేజీ ఫోటో పెట్టి ఒక ప్రశ్న అడిగాను. ఇప్పుడు చూస్తే ఫోటో ఓపెన్ అవ్వట్లేదు, ఆ పుస్తకం కూడా వేరే వాళ్లకి ఇచ్చేశాం. కింద ఎవరో ఇచ్చిన జవాబు మాత్రం ఉంది: "1. భ ర న భ భ ర వ. ఉత్పలమాల. యతి యె – మే. 2. గుణసంధి." ప్రశ్న లేకుండా ఈ జవాబుతో ఏం చేసుకోవాలి? పాదం ఏదో చెప్పగలరా?

ఆమదాలవలస డీటీపీ తమ్ముడు: అక్కా, ఫోటో ఫోన్ గ్యాలరీలో డిలీట్ అయినవాటి ఫోల్డర్‌లో ఉంటుందేమో చూడండి. ఇంకో మాట. మా షాపులో పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ప్రశ్నపత్రాలు వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే అన్నీ పిచ్చి గుర్తులే వస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

రాజాం తల్లి: ఆ ఫోల్డర్ ఎప్పుడో ఖాళీ అయిపోయింది తమ్ముడూ. నాక్కావాల్సింది ఫోటో కాదు, ప్రశ్న.

బొబ్బిలి డిగ్రీ విద్యార్థి: ఉత్పలమాల అంటే 20 అక్షరాలు. 20 అక్షరాలున్న పాదం ఏది దొరికినా అదే అనుకోవచ్చు కదా?

టెక్కలి మాస్టారు: 20 అక్షరాలు మత్తేభానికీ ఉంటాయి బాబూ. లెక్క ఒక్కటే చూస్తే రెండూ కలిసిపోతాయి. మొదటి అక్షరం గురువైతే ఉత్పలమాల, లఘువైతే మత్తేభం. యతి కూడా ఉత్పలమాలలో 10వ అక్షరం మీద, మత్తేభంలో 14వ అక్షరం మీద పడుతుంది.

అమ్మా, మీ దగ్గర మిగిలిన జవాబులో గణాల వరస వల్ల పాదం దొరకదు. ఏ ఉత్పలమాలకైనా, ఏ పాదానికైనా అదే వరస. పనికొచ్చేది "యె – మే". అంటే పాదం "యె"తో మొదలవ్వాలి, పదో అక్షరం "మే" కావాలి. పైగా రెండో జవాబు గుణసంధి. బాబుకి ఆ పాదంలో ఒక్క మాటైనా గుర్తుందా?

రాజాం తల్లి: "పరమేశ్వరుడు" అని ఉందంటున్నాడు మాస్టారు. వాళ్ల అక్క నోట్సులో ఒక ముక్క దొరికింది. ఉన్నది ఉన్నట్టు కొడుతున్నా: "యెవ్వనియందు డిందుం బరమేశ్వరుం డెవ్వడు మూలకారణం". కానీ దీనికి గణాలు కడితే భ ర భ ర భ ర వ వస్తోంది. అక్షరాలు 20 ఉన్నాయి, యె, మే కూడా సరిపోయాయి. గణాలే కలవట్లేదు. వాడికి టెన్షన్ పట్టుకుంది.

టెక్కలి మాస్టారు: దొరికిందమ్మా. అది పోతన గారి భాగవతం, అష్టమ స్కంధం, గజేంద్రమోక్షంలో "ఎవ్వనిచే జనించు" పద్యం రెండో పాదం. మీ గణవిభజనలో తప్పేమీ లేదు. మీరు కొట్టిన అక్షరాలకి నిజంగా ఆ గణాలే వస్తాయి. తేడా అంతా టైపింగులో ఉంది. ముద్రణలో అక్కడున్నది అరసున్న. నోట్సులో అది నిండుసున్న అయిపోయింది, మీరు కూడా నిండుసున్నే కొట్టారు. సరైన పాదం ఇది:

```
యె వ్వ ని | యం దు డిం | దుఁ బ ర | మే శ్వ రుఁ | డె వ్వఁ డు | మూ ల కా | ర ణం
U  I  I  | U  I  U   | I  I  I | U  I  I   | U  I  I  | U  I  U | I  U
భ         ర           న         భ           భ          ర         వ
```

మూడో గణం చూడండి. "దుఁ" మీద అరసున్న ఉంది. దాన్ని ఛందస్సులో లెక్కలోకి తీసుకోరు, కాబట్టి లఘువే, న గణం నిలుస్తుంది. మీరు "దుం" అని కొట్టారు. నిండుసున్న ఉన్న అక్షరం గురువు కనుక అది భ గణం అయిపోయింది. నాలుగో గణంలో "రుఁ"కీ అదే జరిగి, భ కాస్తా ర అయింది. సున్న వేసినా అక్షరాల సంఖ్య మారదు. అందుకే 20 లెక్క చూసుకుని అంతా బాగానే ఉందనుకుంటాం.

బొబ్బిలి విద్యార్థి: అయితే అరసున్న తీసేసి "డిందు బరమేశ్వరు డెవ్వడు" అని కొడితే సరిపోతుంది కదండీ? ఇప్పుడు ఎవరు వాడుతున్నారు? ఆ "బ" కూడా తప్పే, "పరమేశ్వరుడు" అనాలి.

టెక్కలి మాస్టారు: మొదటి మాట ఒప్పుకుంటాను. తీసేస్తే గణాలు చెడవు. చాలా పుస్తకాలు అలాగే అచ్చువేస్తున్నాయి. అరసున్న దొరక్కపోతే వదిలేయండి, దాని బదులు నిండుసున్న మాత్రం పెట్టొద్దు. రెండో మాట కుదరదు. "డిందున్ + పరమేశ్వరుడు" కలిస్తే ద్రుతం మీద "ప" కాస్తా "బ" అయింది, అది సరళాదేశం. "ప" అని దిద్దితే గణాలు నిలుస్తాయి గానీ, సంధి అడిగితే పిల్లాడికి చూపించడానికి ఏమీ మిగలదు.

రాజాం తల్లి: మరి అరసున్న ఎలా కొట్టాలి మాస్టారు? నా ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొడతాను. "డిందు" అంటే "విందు" చూపిస్తుంది.

ఆమదాలవలస తమ్ముడు: అక్కా, ఇది నాకు తెలుసు. కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ అయితే x నొక్కితే నిండుసున్న, Shift పట్టుకుని x నొక్కితే అరసున్న. ఫోన్‌లో కనిపించకపోతే మాస్టారు పైన కొట్టిన "దుఁ" కాపీ చేసుకుని పేస్ట్ చేయండి. ఇవి రెండూ వేరు వేరు అక్షరాలు: అరసున్న U+0C01, నిండుసున్న U+0C02. అందుకే మీరు అరసున్న లేకుండా వెతికితే, అరసున్నతో కొట్టిన పోస్టు దొరక్కపోవచ్చు. "మూలకారణం" లాంటి, ఆ గొడవ లేని ముక్కతో వెతకండి. ఫోటోలో ఉన్న అక్షరాలు ఎలాగూ వెతుకులాటలో రావు.

టెక్కలి మాస్టారు: తమ్ముడు మంచి మాట చెప్పాడు. అమ్మా, ఇకమీదట ఫోటో పెట్టినా కింద ప్రశ్న మొత్తం కొట్టండి. పాదం అచ్చులో ఎక్కడ విరిగితే అక్కడే విరవండి. పొల్లు ఉంటే పొల్లే కొట్టండి. ఇదే పద్యం చివర "వేడెదన్" ఉంది. దాన్ని "వేడెదను" అని కొడితే ఆ పాదం 21 అక్షరాలవుతుంది, గణాలు కలవవు.

నరసన్నపేట టీచరమ్మ: మాస్టారు, ఒక సందేహం. యతి "యె – మే" అని రాయిస్తున్నాం గానీ, అక్కడ కలిసేవి అచ్చులు. "లీనమై + ఎవ్వని" దగ్గర యడాగమం వచ్చి "యె" అయింది. "పరమ + ఈశ్వరుడు" కలిసి "మే" అయింది. అసలు మైత్రి ఎ – ఈ మధ్య. పిల్లలు "య"కీ "మ"కీ మైత్రి ఏమిటని అడిగితే ఏం చెప్పాలి? నేనైతే ఎ – ఈ అనే రాయిస్తాను.

టెక్కలి మాస్టారు: శాస్త్రం మీరన్నదే టీచర్ గారూ. ఇ, ఈ, ఎ, ఏ ఒక జట్టు. కానీ యతిస్థానంలో కంటికి కనిపించే అక్షరం రాయమనే అడుగుతారు. నేను "యె – మే" రాయించి పక్కన సంధి విడదీయిస్తాను.

నరసన్నపేట టీచరమ్మ: రెండూ రాయమంటే పిల్లలు తికమక పడుతున్నారండి. ఒకటే రాయించాలని నా అభిప్రాయం.

రాజాం తల్లి: మాస్టారు, రెండో జవాబు "గుణసంధి" ఈ "పరమేశ్వరుడు" గురించేనా, వేరే పద్యం గురించా?

టెక్కలి మాస్టారు: "పరమ + ఈశ్వర" గుణసంధే, ఇక్కడ సరిపోతుంది. కానీ ప్రశ్న కనిపించడం లేదు గనక, రెండో బిట్టు ఇదే పాదం మీద అడిగారని నేను ఖాయంగా చెప్పలేను. నిరుడు ఆ పుస్తకంతో చదివిన పిల్లలెవరైనా ఉంటే, ఆ బిట్టు ఫోటో వద్దు, తెలుగులో కొట్టి ఇక్కడ పెట్టండి.