ఒకే సైజు, రెండు హెల్మెట్లు: ఏ బ్రాండును నమ్మాలి?

కొత్త చక్రం: కనుబొమ్మలకు కాస్త పైగా టేపు చుట్టి కొలిస్తే నా తల 58 సెంటీమీటర్లు వచ్చింది. రెండు బ్రాండ్లలో అదే సైజు తెప్పించాను. మొదటిది అరగంట పెట్టుకునేసరికి నుదుటి మధ్య ఎర్రటి మచ్చ పడి నొప్పి పుడుతోంది. రెండవది హాయిగా ఉంది గానీ, తల తిప్పితే అది కాస్త ఆలస్యంగా తిరుగుతోంది. దాని పట్టీకి కుట్టిన చీటీ మీద వృత్తంలో E9, ఆ పక్కన 05తో మొదలయ్యే సంఖ్య ఉన్నాయి. దేనిని ఉంచుకోవాలి? షెల్‌ను, అంటే బయటి గట్టి డిప్పను, ఎన్ని సైజుల్లో చేస్తారో కూడా చూడాలా?

రాత్రి ప్రయాణికుడు: E9 అంటే స్పెయిన్‌లో తయారైనదని అర్థం. సందేహించకుండా రెండవదే ఉంచుకోండి.

పరీక్షల గది: హెల్మెట్లను పరీక్షించే ల్యాబులో పదకొండేళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను, అది పొరపాటు. E పక్కనున్న అంకె ఆమోదం ఇచ్చిన దేశాన్ని మాత్రమే సూచిస్తుంది. తయారీ ఎక్కడైనా జరగవచ్చు. అసలు చూడవలసినది 05. అది ఈసీఈ అనే ఐరోపా హెల్మెట్ ప్రమాణపు పాత సవరణ. 06 సవరణలో ఏటవాలుగా తగిలే దెబ్బకు తల ఎంత వేగంగా మెలి తిరుగుతుందో కూడా కొలుస్తారు. సంఖ్య తరువాత P ఉంటే గడ్డం భాగం కూడా రక్షణ పరీక్ష నెగ్గిందని అర్థం.

రాత్రి ప్రయాణికుడు: నా హెల్మెట్ మీద E9 ఉంది, పెట్టె మీద స్పెయిన్ అనే ఉంది. పదకొండేళ్లు పనిచేసినంత మాత్రాన కళ్లెదుట ఉన్నది అబద్ధమవుతుందా?

పరీక్షల గది: మీ హెల్మెట్ విషయంలో ఆ రెండూ ఒకే దేశం కావచ్చు. దానిని అందరికీ సూత్రంగా చెప్పవద్దన్నదే నా అభ్యంతరం.

గట్టి డిప్ప: ఈ చీటీల గొడవ ఎందుకండీ? షెల్ ఫైబర్‌గ్లాస్‌ది అయితే చాలు, ప్లాస్టిక్‌ది మాత్రం తీసుకోకూడదు.

ఊడిన పట్టీ: నాది ఫైబర్‌గ్లాసేనండీ. మలుపులో జారిపడినప్పుడు పట్టీ బిగించి ఉండగానే అది తల నుంచి ఊడిపోయింది. హాయిగా ఉందని ఒక సైజు పెద్దది కొనడమే నేను చేసిన తప్పు. పట్టీ బిగించి, వెనుక అంచును అరచేతులతో పైకి, ముందుకు నెట్టి చూడండి. కళ్ల మీదికి దొర్లితే అది మీది కాదు.

పరీక్షల గది: షెల్ దెబ్బను విస్తరింపజేస్తుంది, దానిని ఎక్కువగా మింగేది లోపలి థర్మోకోల్. అది ఒకసారి నలిగితే మళ్లీ పైకి లేవదు. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ షెల్‌తోనూ మంచి హెల్మెట్లు వస్తాయి. ఇక నుదుటి మచ్చ విషయానికి వస్తే, మీ తల ముందు వెనుకలకు పొడవుగా, ఆ మొదటి హెల్మెట్ లోపలి ఆకారం గుండ్రంగా ఉన్నట్టుంది. సైజు పెంచితే నొప్పి తగ్గవచ్చు గానీ చెంపల దగ్గర వదులవుతుంది.

గట్టి డిప్ప: థర్మోకోల్‌ను నమ్ముకుని రోడ్డెక్కమంటారా? నేను ఒప్పుకోను.

కొత్త చక్రం: నెట్టి చూశాను. రెండవదాని ముందు అంచు ముక్కు దాకా దిగింది. రెండూ తిప్పి పంపుతున్నాను. లోపల పొడవాటి ఆకారమున్న బ్రాండులో, 06తో మొదలై P ఉన్న చీటీ కోసం వెతుకుతాను. షెల్ సైజుల సంగతి ఎవరూ చెప్పలేదు.