బకాయిల నోటీసులో ఫ్లాట్ నంబర్లు వేయాలా, వద్దా?

బి-బ్లాక్ సెక్రటరీ: మాది కూకట్‌పల్లిలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నెలకు మెయింటెనెన్స్ 2,500. ఆరు ఫ్లాట్ల వాళ్లు బాకీ ఉన్నారు. ప్రెసిడెంటు గారు రాసిచ్చిన నోటీసు ఇది: "కింది డిఫాల్టర్లు మూడు రోజుల్లో మొత్తం కట్టకపోతే నీళ్ల కనెక్షన్ తీసేస్తాం." సంతకం పెట్టాల్సింది నేను. రోజూ లిఫ్టులో కనిపించే మనుషులే. మెతగ్గా ఉండకూడదు, మొహాలు చెడకూడదు. ఎలా మార్చమంటారు?

సూటిమాట: ఏం మార్చక్కర్లేదు. పేర్లతో సహా లిఫ్టు పక్కనే అంటించండి. బాకీ ఉన్నది నిజమే కదా, నిజం రాస్తే పరువు నష్టం కేసు నిలబడదు. మా దగ్గర అంటించిన సాయంత్రానికే ముగ్గురు కట్టేశారు.

పద్దుల మనిషి: సగం నిజం అండి అది. క్రిమినల్ కేసులో నిజమైతే సరిపోదు, అలా బయటపెట్టడం నలుగురి మేలుకే అని కూడా చూపించాలి. అసోసియేషన్ సభ్యులకు లెక్క చెప్పడం వేరు, కొరియర్ కుర్రాడు కూడా చదివేలా గోడకి అంటించడం వేరు. నీళ్ల మాట అసలే వద్దు. నీళ్లు, కరెంటు ఆపితే మీ బాకీ సంగతి పక్కకుపోయి, మీరే పోలీస్ స్టేషన్‌లోనో కోర్టులోనో జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

నోటీసు భాష కంటే ముందు లెక్క సరిచూసుకోండి. బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి, ఏ ఫ్లాటుదో తెలియని జమలు ఎన్ని ఉన్నాయో చూడండి. యూపీఐలో కొడుకు ఖాతా నుంచో, ఊళ్లో ఉన్న నాన్నగారి ఖాతా నుంచో పంపుతారు, ఫ్లాట్ నంబరు రాయరు. ఆ 2,500 'వివరం తెలియని జమ' కిందే పడి ఉంటుంది, కట్టినాయన మాత్రం మీ లిస్టులో ఎక్కుతాడు. అలా ఒక్క తప్పు దొర్లినా మిగతా అయిదుగురికీ వంక దొరికినట్టే.

అద్దెకుంటున్నా: నా గోడు కూడా వినండి. మెయింటెనెన్స్ కలిపే ఓనర్‌కి అద్దె ఇస్తున్నాను. ఆయన కట్టలేదు. నోటీసు బోర్డు మీద మా ఫ్లాట్ నంబరు! వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ నన్నే అడుగుతున్నారు. ఇప్పుడు నేనేం చేయాలి?

పద్దుల మనిషి: కలిపి ఇచ్చినట్టు అగ్రిమెంట్‌లో ఉంటే ఆ కాపీ సెక్రటరీకి చూపించండి. అసోసియేషన్ సభ్యుడు మీ ఓనరే కాబట్టి అడగాల్సింది ఆయన్నే. అందుకే నోటీసు తలుపు సందులో పెడితే చాలదు, ఓనర్ వాట్సాప్‌కీ మెయిల్‌కీ కూడా వెళ్లాలి.

సెక్రటరీ గారూ, ఫ్లాటుకొక కాగితం ఇలా ఇచ్చి చూడండి:

"204 ఓనర్ గారికి నమస్కారం. ఆగస్టు 31 నాటికి మా పుస్తకం ప్రకారం మీ ఫ్లాటు లెక్క: ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు అయిదు నెలలకు 12,500. ఆగస్టు 12న మీరు పంపినది 5,000. రావలసినది 7,500. మీ దగ్గరున్న లెక్క వేరేగా ఉంటే, పంపిన తేదీ, యూపీఐ నంబరు సెప్టెంబరు 10 లోపు తెలియజేయండి, సరిచేస్తాం. లెక్క సరైనదైతే సెప్టెంబరు 15 లోపు జమ చేయండి. ఒకేసారి వీలుకాకపోతే వాయిదాల సంగతి మాట్లాడుకుందాం, నాకు ఫోన్ చేయండి. 15 దాటితే, బైలాస్ ప్రకారం ఆలస్య రుసుము వేసి విషయం కమిటీ ముందు పెడతాం."

'డిఫాల్టర్' లేదు, బెదిరింపు లేదు. అయినా తేదీ దాటితే ఏమవుతుందో స్పష్టంగా ఉంది. ఒకటే షరతు: ఆలస్య రుసుము మీ బైలాస్‌లో ఉంటేనే ఆ వాక్యం ఉంచండి.

సూటిమాట: ఫోన్ చేయండి అంటే ఎవరు చేస్తారు సార్? మా 501 ఆయన రెండేళ్లుగా "వచ్చే నెల" అంటున్నాడు.

పద్దుల మనిషి: అలాంటాయన దగ్గర ఫోను మాట కాదు, సంతకం కావాలి. బాకీ వసూలుకి కోర్టుకెళ్లే గడువు మామూలుగా మూడేళ్లు. మీరు ఎన్ని నోటీసులు ఇచ్చినా ఆ గడువు పెరగదు. గడువు దాటకముందే ఆయన "ఇంత బాకీ ఉన్న మాట నిజం" అని సంతకం పెట్టి ఇస్తే, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. వాయిదాల కాగితం రాయించుకుంటే ఆ పని కూడా అయిపోతుంది.

బి-బ్లాక్ సెక్రటరీ: స్టేట్‌మెంట్ చూశాను. రెండు 2,500లు ఎవరివో తెలియనివి ఉన్నాయి, ఒకటి 302 వాళ్లదే అని తేలింది. అంటే ప్రెసిడెంటు గారి ఆరుగురిలో ఒకరు తగ్గారు. 104 వాళ్లు మాత్రం లిఫ్టు రెండు నెలలు పనిచేయలేదు, ఆ 5,000 కట్టం అంటున్నారు. దీన్నీ బాకీగానే రాయనా?

పద్దుల మనిషి: రాయండి, కానీ విడి వరసలో, "అభ్యంతరం చెప్పిన మొత్తం" అని. లిఫ్టు ఆగితే మెయింటెనెన్స్ ఆపే హక్కు వాళ్లకు ఉందని నేననుకోను, వాచ్‌మన్ జీతం ఆగలేదుగా. తగ్గించాలా వద్దా అన్నది మాత్రం జనరల్ బాడీ తేల్చాలి, నోటీసు కాదు.

సూటిమాట: నేనైతే 15 దాటిన వాళ్ల ఫ్లాట్ నంబర్లు సభ్యుల గ్రూపులో అయినా పెట్టాలంటాను. సక్రమంగా కడుతున్న వాళ్లకు తెలియాలి కదా ఎవరి భారం మోస్తున్నారో.

బి-బ్లాక్ సెక్రటరీ: ప్రెసిడెంటు గారిదీ అదే మాట. ఆ గ్రూపులో అద్దెవాళ్లూ ఉన్నారండి, అదే చిక్కు. కాగితాలు మాత్రం రేపు ఇచ్చేస్తున్నాను.